పండగ వెళ్ళాక హాలు సామాను వెనక్కి రప్పించే ఉత్తరం: కార్యదర్శులకు సమగ్ర మార్గదర్శి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఇక హాలు గుండిగ ఏం కదులుతుంది? సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ పిల్లలు దిగుతారు. కొత్తల్లుడు వచ్చిన ఇంట్లో అయితే నాలుగు రోజులూ పొయ్యి ఆరదు. ఆ నాలుగు రోజుల కోసం కమ్యూనిటీ హాల్లో ఉన్న కుర్చీలు, గుండిగలు, జంబుఖానాలు కాలనీ అంతా సర్దుకుంటాయి. పండగ వెళ్ళాక వాటిని అడిగే పని కార్యదర్శి మెడకు చుట్టుకుంటుంది. అడక్కపోతే సామాను పోయిందంటారు, అడిగితే "రెండు కుర్చీలకి ఇంత రాద్ధాంతమా" అంటారు.

అమలాపురం శివార్లలో 62 ఇళ్ళున్న మా కాలనీకి నేను నాలుగేళ్ళు కార్యదర్శిగా చేశాను. మొదటి ఏడాది రాసిన ఉత్తరానికి ఒక్క కుర్చీ కూడా వెనక్కి రాలేదు, పైగా ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. "హాలు సామాను తీసుకెళ్ళినవారు మూడు రోజుల్లో తిరిగి అప్పగించనియెడల తగు చర్య తీసుకొనబడును" అని రాశాను మరి. అది నోటీసే తప్ప ఉత్తరం కాదు. పైగా ఎవరి దగ్గర ఏముందో నాకే సరిగ్గా తెలియకుండా రాసిన నోటీసు. తర్వాతి ఏడాది ఏం చేశానో ఇక్కడ వరసగా చెబుతున్నాను. ఆ ఏడు భోగి జనవరి 14న, ముక్కనుమ 17న వచ్చాయి.

మొదటి పని: కలం పట్టేముందు కుర్చీలు తిరగేయండి

ఉత్తరం రాయడం గంట పని. దానికి ముందు హాల్లో లెక్క చూసుకోవడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట మిగుల్చుకుందామని చూస్తే ఉత్తరం తప్పుల తడక అవుతుంది.

ముక్కనుమ మర్నాడు, అంటే 18న, నేనూ మా వాచ్‌మనూ స్టోరు గది తెరిచాం. స్టాకు పుస్తకంలో కుర్చీలు 150. స్టోర్లోనూ వరండాలోనూ కలిపి లెక్కేస్తే 121 తేలాయి. అంటే 29 తక్కువ. అక్కడితో ఆగి "29 కుర్చీలు రావాలి" అని రాసేసి ఉంటే ఆ ఏడూ నా పరువు పోయేదే. ఎందుకో వాచ్‌మను ఒక కుర్చీని తలకిందులు చేసి చూశాడు. మా కుర్చీల అడుగున నీలం రంగుతో సంఘం పేరులోని మొదటి రెండక్షరాలు ఉంటాయి. ఆ కుర్చీకి ఎర్ర చుక్క ఉంది. అది టెంట్ హౌస్ వాళ్ళ గుర్తు. రంగూ ఒకటే, మోడలూ ఒకటే కావడంతో పైనుంచి చూస్తే తేడా తెలియదు. మొత్తం తిరగేస్తే అలాంటివి మూడు దొరికాయి. అంటే మావి ఉన్నవి 118, రావాల్సినవి 32.

గిన్నెలకు కూడా ఇంతే. గుండిగల అంచు మీద పేరు కొట్టించి ఉంటే పట్టుకుని చదవండి, దూరం నుంచి చూసి "మనదే" అనుకోవద్దు. పండగ రోజుల్లో ఇద్దరి ఇళ్ళ వంట ఒకే పందిరి కింద జరుగుతుంది. గరిటెలు, మూతలు, జల్లి గరిటెలు ఇట్టే మారిపోతాయి. మూత మారిందేమో తెలుసుకోవాలంటే గిన్నె మీద పెట్టి చూస్తే చాలు. సరిగ్గా కూర్చోకపోతే అది వేరే వాళ్ళది.

లెక్క చూసేటప్పుడు వెనక్కి వచ్చినవాటి పరిస్థితి కూడా రాసుకోండి. మన డెల్టా గాలిలో తేమ ఎంతో చెప్పక్కర్లేదు. తడిగా ఉన్న ఇనప మూకుణ్ణి బోర్లించి పెడితే వారానికల్లా తుప్పు పడుతుంది. మడతపెట్టిన తడి జంబుఖానా బూజు వాసన కొడుతుంది. ఈ సంగతి ఉత్తరంలో ఒక వాక్యంగా పనికొస్తుంది, ముందుకెళ్ళాక చూద్దాం.

రెండో పని: రిజిస్టరుకూ హాలుకూ పొత్తు కుదర్చండి

రిజిస్టరు ప్రకారం పండక్కి తొమ్మిది ఇళ్ళవారు 64 కుర్చీలు తీసుకున్నారు, 41 తిరిగి ఇచ్చారు. మిగిలినవి 23. 7వ నంబరు ఇంటి పేరిట ఆరు, 17వ నంబరు పేరిట పది, 31వ నంబరు పేరిట నాలుగు, 44వ నంబరు పేరిట మూడు. కానీ హాల్లో తగ్గినవి 32. అంటే తొమ్మిది కుర్చీలకు పుస్తకంలో జవాబు లేదు.

ఇలాంటి చోట చాలామంది కార్యదర్శులు ఆ తొమ్మిదిని కూడా ఉత్తరంలోకి తోసేస్తారు. చదివినవాళ్ళందరూ దొంగల్లాగా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అలా చేయకండి. పుస్తకంలో జవాబు లేనివాటిని ముందు మీరే వెతకాలి, ఎందుకంటే అందులో సగం తప్పు సంఘానిదే అయి ఉంటుంది.

మా తొమ్మిదిలో ఆరు రామాలయం మండపంలో దొరికాయి. సంక్రాంతి పొద్దున్న ముగ్గుల పోటీకి న్యాయనిర్ణేతల కోసం మోయించుకెళ్ళింది మా కమిటీయే! "మనమే కదా" అని ఎవరూ రాయలేదు. మిగిలిన మూడూ టెంట్ హౌస్ కుర్చీల లెక్కకు సరిగ్గా సరిపోయాయి. 12వ నంబరు ఇంట్లో భోగిపళ్ళ పేరంటానికి మా కుర్చీలు ఎనిమిదీ, టెంట్ హౌస్‌వి ఒక ఇరవయ్యీ వేశారు. సర్దేటప్పుడు కలిసిపోయాయి. వాళ్ళు లెక్క ప్రకారం ఎనిమిదీ ఇచ్చి సంతకం కూడా పెట్టారు, కాకపోతే అందులో మూడు మావి కావు. టెంట్ హౌస్‌కి ఫోన్ చేస్తే, "మీవి మూడు మా దగ్గర ఉన్నాయండి, మీరే ఫోన్ చేస్తారని చూస్తున్నాం" అన్నారు. 12వ నంబరు వారికి ఉత్తరం రాయలేదు, వాళ్ళ తప్పేమీ లేదు.

ఇక ఉత్తరంలోకి రావాల్సినవి 23 కుర్చీలు. వాటితోపాటు 17వ నంబరు వారి పేరిట 40 లీటర్ల గుండిగ, 22వ నంబరు పేరిట అరిసెల మూకుడు, 31వ నంబరు పేరిట గంగాళం, 7వ నంబరు పేరిట రెండు జంబుఖానాలు. మొత్తం ఐదు ఇళ్ళు. 62 ఇళ్ళున్న కాలనీలో సామాను రావాల్సింది ఐదిళ్ళ నుంచే. మొదటి ఏడాది నేను మొత్తం 62 ఇళ్ళనూ కసిరాను.

మూడో పని: ఒకటి కాదు, రెండు కాగితాలు

అందరికీ వెళ్ళే ఉత్తరం ఒకటి, సామాను ఉన్న ఇంటికి మాత్రమే వెళ్ళే చీటీ ఒకటి. రెండింటినీ కలపొద్దు.

అందరికీ వెళ్ళే ఉత్తరంలో పేర్లు, ఇంటి నంబర్లు ఉండకూడదు. అందులో ఉండాల్సినవి: సామాను ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసుకుంటారు, ఎందుకు అప్పటికి కావాలి, విరిగినా, వేరే ఊళ్ళో ఉన్నా ఏం చేయాలి, పొరపాటున వేరేవాళ్ళ సామాను ఇంట్లో ఉంటే ఎక్కడ ఇవ్వాలి. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. రిజిస్టరులో పేరు లేని ఇంటి నుంచి కూడా సామాను వచ్చేది ఆ వాక్యం వల్లే.

చీటీలో ఆ ఇంటి పేరిట ఉన్న వస్తువు, సంఖ్య, గుర్తు, తీసుకున్న తేదీ ఉంటాయి. దాన్ని మడిచి చేతికివ్వాలి. వాట్సాప్ గ్రూపులో "ప్లాట్ 17: పది కుర్చీలు, ఒక గుండిగ" అని పెట్టారనుకోండి, గుండిగ మాట దేవుడెరుగు, పండక్కి వచ్చిన వియ్యాలవారు ఆ ఇంట్లో ఇంకా ఉండి ఉంటే వాళ్ళ ముందు ఆ ఇంటాయన తల కొట్టేసినట్టవుతుంది. ఆ తర్వాత ఆయన గుండిగ పంపిస్తాడు గానీ మీ మీటింగులకు మాత్రం రాడు.

నాలుగో పని: మాట తీరు

మన తెలుగు ఉత్తరాలకు రెండు జబ్బులున్నాయి. ఒకటి కచేరీ భాష: "తక్షణమే", "లేనియెడల", "చర్య తీసుకొనబడును". రెండోది బతిమాలే భాష: వాక్యానికో "దయచేసి", చివర్న "మీ సహకారానికి సర్వదా కృతజ్ఞులము". మొదటిది చదివితే కోపం వస్తుంది, రెండోది చదివితే తొందరేమీ లేదనిపిస్తుంది.

మధ్యదారి మన భాషలోనే ఉంది. "మీరు తిరిగి ఇవ్వలేదు" అంటే నేరం మోపినట్టుంటుంది. "మీ ఇంటి పేరిట ఫలానావి ఉన్నట్టు రిజిస్టరులో ఉంది" అంటే, మాట్లాడేది పుస్తకం, మీరు కాదు. తేడా ఉంటే ఆయన పుస్తకంతో పోట్లాడతాడు. "ఇవ్వండి" అనేచోట "పంపించగలరు" అంటే, మనిషిని రమ్మనకుండా వస్తువును మాత్రమే రమ్మన్నట్టు ఉంటుంది. ఇది చిన్న సంగతి కాదు. చాలా ఇళ్ళల్లో సామాను తెచ్చేది ఇంటాయన కాదు, పాలేరో, మనవడో, ట్రాలీ ఆటో అబ్బాయో. "పంపించగలరు" అంటే వాళ్ళతో పంపినా మర్యాదకు లోటు లేదని అర్థం.

"ఎందుకు ఇవ్వలేదు" అని అడగడం కన్నా "ఎక్కడుంది" అని అడగండి. మా గుండిగ సంగతే చూడండి. 17వ నంబరు వారు దాన్ని దాచుకోలేదు. అమ్మాయి అత్తవారింటికి సారె పంపుతూ, అరిసెలూ కజ్జికాయలూ అందులోనే పెట్టి చించినాడ వంతెన దాటించి పాలకొల్లు పంపారు. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు "గుండిగ పంపండి" అని వియ్యాలవారిని అడగాలి. మీరు ఒత్తిడి పెడితే వాళ్ళు అటూ ఇటూ ఇబ్బంది పడతారు. "వేరే ఊళ్ళో ఉంటే ఏ తేదీకి రాగలదో చెప్పండి చాలు" అని రాస్తే ఆ ఇంటికి కాస్త ఊపిరాడుతుంది.

కారణం ఒకటి ఉండాలి, అది నిజమైనదై ఉండాలి. "సంఘం ఆస్తి అందరిదీ" లాంటి మాటలకు కుర్చీ కదలదు. మాకు జనవరి 26న జెండా వందనం, తర్వాత టిఫిన్లు ఉన్నాయి. దానికి 140 కుర్చీలు కావాలి, ఉన్నవి 118. నేను రాసింది ఆ ఒక్క ముక్కే.

ఇంకో మాట. కోడిపందేల బరి దగ్గరికి కుర్చీలు వెళ్ళాయని కొందరి మీద గుసగుసలుంటాయి. నిజమే కావచ్చు. ఉత్తరంలో ఆ ఊసు ఎత్తకండి. మీకు కావాల్సింది కుర్చీ, దాని ప్రయాణ చరిత్ర కాదు.

ఐదో పని: ఏ రోజు, ఏ వేళ

కనుమ నాడు, ముక్కనుమ నాడు రాయొద్దు. చుట్టాలు ఇంకా ఉంటారు, వంట ఇంకా సాగుతుంటుంది. అలాగని నెలాఖరు దాకా ఆగినా కష్టమే. పండక్కి వచ్చిన పిల్లలు వెళ్ళిపోతే బరువు మోసే చేతులుండవు, పైగా ఎవరు ఏం తెచ్చారో గుర్తు కూడా పోతుంది. దాళ్వా నాట్ల రోజులు కాబట్టి కూలివాళ్ళూ దొరకరు.

అందుకే 18న లెక్క చూసి, 19న శుక్రవారం సాయంత్రం ఉత్తరాలు పంచి, 20న శనివారం సాయంత్రమూ 21న ఆదివారం పొద్దున్నా సామాను తీసుకుంటామని పెట్టుకున్నాం. "మూడు రోజుల్లో" అనేకన్నా "శనివారం సాయంత్రం 5 నుంచి 7:30" అనడం నయం. ఆ వేళకు హాలు తలుపు తీసి ఉంటుందని తెలిస్తే జనం వస్తారు. ఒకసారి వచ్చి తాళం చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రావడానికి పది రోజులు పడుతుంది.

మేం పంపిన ఉత్తరం

అందరికీ వెళ్ళింది ఇది. సంఘం పేరు, ఫోన్ నంబరు తీసేశాను, మిగతాదంతా ఉన్నదున్నట్టే.

> తేదీ: జనవరి 19
>
> సభ్యులందరికీ నమస్కారం.
>
> విషయం: పండగకు తీసుకున్న హాలు సామాను తిరిగి చేర్చడం గురించి
>
> పండగ అందరిళ్ళల్లోనూ సందడిగా జరిగిందని తలుస్తాను. హాలు సామాను ఈసారి తొమ్మిది ఇళ్ళకు అక్కరకొచ్చింది. ఇప్పటికే చాలావరకు తిరిగి చేరింది, పంపినవారికి ధన్యవాదాలు.
>
> ఈ నెల 26న జెండా వందనానికి 140 కుర్చీలు అవసరం. హాల్లో ప్రస్తుతం 118 ఉన్నాయి. వంట సామాను కూడా కొంత రావలసి ఉంది. 20వ తేదీ శనివారం సాయంత్రం 5 నుంచి 7:30 వరకు, 21వ తేదీ ఆదివారం ఉదయం 8 నుంచి 11 వరకు హాలు తెరిచి ఉంటుంది. వాచ్‌మను, కమిటీ సభ్యులు ఒకరు అక్కడే ఉండి సామాను తీసుకుని రిజిస్టరులో జమ రాస్తారు. మీరే రానవసరం లేదు, ఎవరితోనైనా పంపించగలరు. బరువైన వాటికి హాలు తోపుడుబండి ఉంది. ఫోన్ చేస్తే ఇంటికి పంపుతాం.
>
> గిన్నెలు, మూకుళ్ళు తుడిచి ఆరబెట్టి పంపితే తుప్పు పట్టకుండా ఉంటాయి. జంబుఖానాలు తడిగా ఉంటే అలాగే పంపండి, ఇక్కడ ఆరవేస్తాం.
>
> ఏదైనా విరిగినా, పాడైనా అలాగే పంపించగలరు. మరమ్మతు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. వస్తువు వేరే ఊళ్ళో ఉంటే ఏ తేదీకి రాగలదో నాకు ఒక మాట చెప్పండి.
>
> పందిళ్ళల్లో సామాను కలిసిపోవడం మామూలే. మీ ఇంట్లో మీవి కానివి ఏమైనా కనిపిస్తే, హాలువి కాకపోయినా సరే, ఇక్కడికే పంపండి. మన కుర్చీల అడుగున నీలం అక్షరాలు ఉంటాయి. ముగ్గుల పోటీకి కమిటీ తీసుకున్న ఆరు కుర్చీలు రిజిస్టరులో రాయకపోవడం మా పొరపాటు. అవి ఇప్పుడు హాలుకు చేరుతున్నాయి.
>
> ఇట్లు,
> కార్యదర్శి

ముగ్గుల పోటీ కుర్చీల వాక్యం గురించి కమిటీలో గొడవైంది. "మన తప్పు మనమే రాసుకోవడం ఏమిటండీ" అని కోశాధికారి గారు అడ్డుపడ్డారు. నేను పట్టుబట్టి ఉంచాను. శనివారం వచ్చినవారిలో ఇద్దరు నవ్వుతూ ఎత్తింది ఆ వాక్యమే. కమిటీ తప్పును కమిటీయే చెప్పుకున్నాక ఇంకొకరు తమ తప్పు చెప్పడానికి మొహమాటపడరు.

17వ నంబరు వారికి ఇచ్చిన చీటీ ఇది:

> మాస్టారికి నమస్కారం. హాలు రిజిస్టరు ప్రకారం జనవరి 13న మీ ఇంటి పేరిట పది కుర్చీలు (అడుగున నీలం అక్షరాలు), 40 లీటర్ల గుండిగ ఒకటి, మూతతో (అంచు మీద సంఘం పేరు) ఉన్నాయి. లెక్కలో తేడా ఉంటే చెప్పండి, సరిచేస్తాను. వీలును బట్టి శని, ఆదివారాల్లో పంపించగలరు. గుండిగ ఇప్పుడు ఇంట్లో లేకపోతే ఎప్పటికి రాగలదో చెబితే చాలు. – కార్యదర్శి

"మూతతో" అని రాయడం మరిచిపోవద్దు. రాయకపోతే గిన్నె వస్తుంది, మూత రాదు.

ఈ చీటీలు నేనే స్వయంగా ఇచ్చాను, వాచ్‌మనుతో పంపలేదు. ఇంటికి వెళ్ళి కాఫీ తాగి, పండగ కబుర్లు చెప్పుకుని, లేచేటప్పుడు చేతిలో పెట్టాను. పెద్దావిడ ఒక్కరే ఉన్న ఇంట్లో అయితే చదివి వినిపించాను.

ఆరో పని: తీసుకునే పూట

హాలు గుమ్మంలో ఒక బల్ల, రిజిస్టరు, రెండు పెన్నులు. వచ్చిన ప్రతి కుర్చీనీ పంపినవారి ముందే తిరగేసి చూడాలి. ఇది అనుమానంలా కనిపిస్తుందేమోనని మొదట్లో మొహమాటపడ్డాను. "టెంట్ హౌస్ వాళ్ళవి కలిసిపోతున్నాయండి, అందుకే" అని ముందుగా చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. జమ రాసి, తెచ్చినవారి సంతకం పక్కన తీసుకున్నవారి సంతకం కూడా పెట్టాలి. పిల్లలు తెస్తే చిన్న రశీదు చింపి ఇచ్చి పంపండి. లేకపోతే నెల తర్వాత "మా వాడు ఇచ్చాడే" అని పేచీ మొదలవుతుంది.

మా లెక్క ఇలా తేలింది. శనివారం 7వ నంబరు నుంచి ఆరు కుర్చీలు, రెండు జంబుఖానాలు వచ్చాయి. ఒకటి తడిగానే ఉంది, ఆ రాత్రే హాల్లో తాడు కట్టి ఆరేశాం. 44వ నంబరు మూడు కుర్చీలూ వచ్చాయి. ఆదివారం 17వ నంబరు నుంచి పది కుర్చీలు వచ్చాయి. గుండిగ 25న వస్తుందని మాస్టారు కబురు పంపారు, 24నే వచ్చింది. 31వ నంబరు వారి గంగాళం కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మజ్జిగ పంచడానికి వెళ్ళి అక్కడే ఒక బంధువుల ఇంట్లో ఉండిపోయింది. వాళ్ళు ఆ మధ్యాహ్నమే ట్రాలీ ఆటో పంపి తెప్పించారు. వాళ్ళ నాలుగు కుర్చీల్లో ఒకదాని కాలు విరిగింది. 22వ నంబరు మూకుడు చెవి ఊడింది.

ఏడో పని: విరిగినవాటి సంగతి

ఇక్కడ చాలా సంఘాలు తప్పు చేస్తాయి. "విరిగితే కొత్తదాని ఖరీదు" అని ఉత్తరంలోనే రాసేస్తాయి. రాసిన మరుక్షణం విరిగిన కుర్చీ ఆ ఇంటి పెరట్లోకి వెళ్ళిపోతుంది, ఇక దాని మొహం మీరు చూడరు.

చట్టం కూడా అలా చెప్పదు. అరువు తీసుకున్న వస్తువును మామూలు మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకుంటే, అయినా పాడైతే, వేరే ఒప్పందం లేనప్పుడు తీసుకున్నవారిది బాధ్యత కాదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151, 152 సెక్షన్లలో ఉంది. ఏళ్ళ తరబడి ఎండలో మాడిన ప్లాస్టిక్ కుర్చీ మనిషి కూర్చుంటే విరిగితే అది వాడకం వల్ల పోయినట్టే. అదే చట్టం 160వ సెక్షన్, గడువు అయ్యాక అడగకుండానే తిరిగివ్వాలంటుంది. సకాలంలో ఇవ్వకపోతే అప్పటినుంచి జరిగే నష్టానికి తీసుకున్నవారే బాధ్యులని 161 చెబుతుంది. ఈ సెక్షన్లు మీరు తెలుసుకోవడానికి, ఉత్తరంలో రాయడానికి కాదు. కుర్చీ కోసం సెక్షన్ ఎత్తితే నవ్వులపాలవుతాం.

జరిమానా సంగతి కూడా ఇంతే. మా సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైంది. బైలాలో లేని జరిమానా కార్యదర్శి తన ఉత్తరంలో వేసేస్తే అది చెల్లదని ఎవరైనా నిలదీయొచ్చు. రోజుకింత అని వసూలు చేయాలనుకుంటే ముందు బైలాలో ఉందో లేదో చూసుకుని, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, వచ్చే పండక్కి సామాను ఇచ్చేటప్పుడే చెప్పాలి. ఇచ్చిన తర్వాత కాదు.

22వ నంబరు వారితో నేను మాట్లాడాను. "చెవి అతికించడానికి వెల్డింగ్‌కి 150 అయిందండి" అని బిల్లు చూపించాను, వాళ్ళే ఇచ్చేశారు. విరిగిన కుర్చీకి డబ్బు అడగలేదు. పుస్తకంలో "వాడకంలో పోయింది" అని రాసి, కమిటీ మీటింగులో చెప్పి, స్టాకులో 149 చేశాను.

ఎంతకీ రానివాటికి

ఆ ఏడు మాకు ఈ అవసరం రాలేదు గానీ, అంతకుముందు ఒకసారి వచ్చింది. గడువు దాటాక వెంటనే రెండో ఉత్తరం రాయకండి. ముందు ఫోన్ చేయండి, అదీ సాయంత్రం పూట. ఆ ఇంటి పెద్దతో చనువున్న కమిటీ సభ్యులు ఉంటే వాళ్ళతో చేయించండి. ఒకసారి మా ఇంట్లో పిన్నిగారు వాళ్ళ పెద్దావిడతో గుడి దగ్గర ఒక మాట అంటే మర్నాటికి బిందెలు వచ్చేశాయి, నా రెండు ఉత్తరాలకూ రానివి.

వారం దాటినా జవాబు లేకపోతే అప్పుడు రెండో కాగితం, ఆ ఇంటికి మాత్రమే. అందులో వస్తువు, తేదీ, ఇంతకుముందు మాట్లాడిన తేదీ రాసి, "ఫలానా రోజు లోపు వస్తువు గానీ సమాచారం గానీ రాకపోతే కమిటీ మీటింగులో పెడతాను" అని చెప్పాలి. కార్యదర్శి నిజంగా చేయగలిగింది అంతే కాబట్టి అంతే రాయాలి. పోలీసు కంప్లైంటు అని బెదిరించి ఇవ్వకపోతే తర్వాత మీ మాటకు విలువుండదు. ఇచ్చారా, ఒక గంగాళం కోసం కాలనీ రెండు ముక్కలవుతుంది.

చివరి కాగితం

అన్నీ చేరాక నాలుగు వాక్యాల ఉత్తరం నోటీసు బోర్డు మీద పెట్టాను: కుర్చీలు 149 చేరాయి, ఒకటి వాడకంలో పోయింది, గుండిగ, గంగాళం, మూకుడు, జంబుఖానాలు చేరాయి, టెంట్ హౌస్ వారి మూడు కుర్చీలు వారికి చేరాయి, మనవి మూడు వచ్చాయి, పంపినవారందరికీ ధన్యవాదాలు. పేర్లు ఇక్కడ కూడా లేవు.

అదే రోజు రిజిస్టరులో రెండు కొత్త గడులు గీయించాను. ఒకటి "తిరిగి ఇచ్చే తేదీ", తీసుకునేటప్పుడే వాళ్ళ చేత్తో రాయించుకోవడానికి. రెండోది "ఎవరి వాడకానికి", సారెకో తీర్థానికో వేరే ఊరు వెళ్తుందేమో ముందే తెలియడానికి. కమిటీ తీసుకున్నా రాయాల్సిందేనని పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాశాను.

ఆ ఆదివారం ఎవరో ఒక పెద్ద ఇత్తడి గరిటె కూడా పంపారు. కాడ మీద రెండక్షరాలు చెక్కి ఉన్నాయి, సగం అరిగిపోయాయి. అది హాలుదీ కాదు, టెంట్ హౌస్‌దీ కాదు. ఇప్పటికీ స్టోరు గది మేకుకు వేలాడుతోంది, పక్కనే ఒక చీటీ: "ఎవరిదో చెప్పి తీసుకెళ్ళగలరు."